చొక్కాకి మిషన్ కాజానా, బౌండ్ కాజానా? గుండీల మధ్య ఎంత దూరం పెడుతున్నారు?

శిరీష_గుంటూరు
మంగళగిరి కాటన్‌తో నాకు నేనే ఫుల్ షర్ట్ కుట్టుకున్నాను. కాలర్, కఫ్ బాగా వచ్చాయి. కానీ వేసుకుని అద్దం ముందు నిలబడితే ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య పట్టీ చేప నోరులా తెరుచుకుంటోంది. కూర్చుంటే ఇంకా ఎక్కువ. ఆఫీసుకి వేసుకెళ్ళిన రోజంతా ఫైలు అడ్డం పెట్టుకుని తిరిగాను.

కాలర్ స్టాండ్ కుట్టు నుంచి కిందికి 2 ఇంచీల దగ్గర మొదటి గుండీ పెట్టాను. అక్కడి నుంచి మూడున్నర, మూడున్నర. అంటే 5½, 9, 12½, 16, 19½. స్టాండ్ మీద ఒకటి వేరే. ముందు భాగం పొడవు 26 ఇంచీలు, పట్టీ వెడల్పు ఇంచీంబావు.

రెండో బాధ. ఇంట్లో మిషన్ మీదే కాజాలు వేశాను. రెండు ఉతుకులకే మూడు కాజాల్లోంచి పోగులు బయటికి వచ్చేశాయి. ఒకదాని చివర కుట్టు కూడా తెగిపోయింది. గుడ్డతో అంచు కట్టే బౌండ్ కాజా అయితే పోగులు రావని ఒక వీడియోలో చూశాను. షర్ట్‌కి అది వేయొచ్చా? ఎవరైనా వేశారా?

రవి_సిద్దిపేట
మూడున్నర కరెక్టే కదా. నేను మా నాన్నవి, నావి అన్నీ మూడున్నరే పెడతాను. ఎప్పుడూ తెరుచుకోలేదు. మీ షర్ట్ టైట్ అయి ఉంటుంది, గుండీల తప్పు కాదు.

బాబిన్77
టైటిల్‌లో కాజా అని చూసి తాపేశ్వరం నుంచి ఎవరో పార్శిల్ పంపుతున్నారనుకుని పరిగెత్తుకొచ్చాను. 😄

మంగ_అత్తిలి
పోగులు రావడానికి కారణం దారం అమ్మా. నేను జాకెట్లకి కాజాలు వేసేటప్పుడు రెండు పోగుల దారం తీసుకుని, నాలుగు వరసలు లాగి, దాని మీద గొలుసు కుట్టులా దగ్గరదగ్గరగా అల్లుతాను. హుక్కు ఎన్నిసార్లు పెట్టి తీసినా ఊడదు. మీరూ చేత్తోనే వేసుకోండి, మిషన్ ఎందుకు?

శిరీష_గుంటూరు
మంగ గారూ, మీరు చెప్పేది జాకెట్ హుక్కులకి వేసే దారపు కాజా. నాది గుడ్డ కోసి గుండీ దూర్చే కాజా. కానీ మీ అల్లిక గురించి తర్వాత అడుగుతాను, అదీ నాకు సరిగ్గా రాదు.

మంగ_అత్తిలి
ఓహ్ అదా! మా ఊళ్ళో రెండిటినీ కాజా అనే అంటాం, అందుకే అలా అర్థం చేసుకున్నాను. షర్ట్ కాజాలు నేను వేయను, కాజా సెంటర్‌లో ఇస్తాను.

పట్టుపురుగు
బౌండ్ కాజా వేయండి, అనుమానమే వద్దు. నేను రా సిల్క్ కోట్లకి ఐదారేళ్ళుగా అవే వేస్తున్నాను. కోసిన అంచు ఎక్కడా పైకి కనపడదు, అంతా గుడ్డ మడతల్లోకి వెళ్ళిపోతుంది. మిషన్ కాజా ఎంత బాగా వేసినా కోసిన అంచు తెరిచే ఉంటుంది, దారం మాత్రమే దాన్ని పట్టుకుని ఉంటుంది. బలంలో రెండిటికీ పోలికే లేదు.

లక్ష్మి_డాలస్
కోటు వేరు, షర్ట్ వేరు పట్టుపురుగు గారూ. మంగళగిరి కాటన్ పట్టీ మీద బౌండ్ వేస్తే ఎంత మందం అవుతుందో ఆలోచించారా? నేను ఒకసారి లినెన్ షర్ట్‌కి ప్రయత్నించాను. ఇస్త్రీ చేశాక పట్టీ మీద చిన్న చిన్న బిళ్ళలు అతికించినట్టు ఉబ్బెత్తుగా కనిపించాయి.

కత్తెర_మాస్టారు
రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ముందు తెరుచుకునే సంగతి చూద్దాం.

శిరీషమ్మా, షర్ట్ వేసుకుని గుండీలన్నీ పెట్టుకుని, స్టాండ్ కుట్టు నుంచి ఛాతీ బాగా ఎత్తుగా ఉన్న చోటికి టేపుతో కొలువు. ఎంత వస్తుందో చెప్పు. అలాగే ఒక గుండీ నుంచి చంక వైపు అడ్డంగా గీతల్లా ముడతలు లాగుతున్నాయా, లేక గుడ్డ సాఫీగా ఉండి పట్టీ మాత్రమే తెరుచుకుంటోందా చూడు. ముడతలు లాగుతుంటే రవి చెప్పినట్టు బిగుతు. అప్పుడు గుండీలు ఎక్కడ పెట్టినా ఉపయోగం లేదు, పక్క కుట్లు వదలాలి. ముడతలు లేకుండా తెరుచుకుంటే గుండీ చోటు తప్పింది.

శిరీష_గుంటూరు
ఇప్పుడే కొలిచాను మాస్టారూ. 7¼ ఇంచీలు. ముడతలు లేవు. పక్కన రెండు వేళ్ళతో పట్టుకుంటే ఇంచీన్నర దాకా గుడ్డ దొరుకుతోంది.

కత్తెర_మాస్టారు
అయితే దొరికింది. నీ గుండీలు 5½ దగ్గర ఒకటి, 9 దగ్గర ఒకటి. ఆ రెండిటికీ నట్టనడుమ ఎంత? 7¼. గుడ్డని అన్నిటికంటే ఎక్కువ తోసే చోట గుండీ లేదు, ఆ చోటుకి అటూ ఇటూ పావు తక్కువ రెండు ఇంచీల దూరంలో ఉన్నాయి. అందుకే నోరు తెరుస్తోంది.

ఆడవాళ్ళ షర్ట్‌కి పై నుంచి లెక్క మొదలుపెట్టకూడదు. ముందు ఛాతీ గుండీ చోటు ఖాయం చేసి, అక్కడి నుంచి పైకీ కిందికీ వెళ్ళాలి. మగవాళ్ళ షర్ట్‌కి పై నుంచి వచ్చినా పెద్దగా తేడా తెలియదు, ఎందుకంటే అక్కడ ఒక చోటే ఎత్తు ఉండదు. రవీ, మీ ఇంట్లో మూడున్నర నడవడానికి కారణం అదే.

రవి_సిద్దిపేట
ఇది నాకు తెలియదు మాస్టారూ. మా అక్క షర్ట్ కుట్టమంటే అదే లెక్క వేసి ఇచ్చాను. ఆమె లోపల పిన్నీసు పెట్టుకుంటుందని మొన్న చెప్పింది. కారణం ఇప్పుడు అర్థమైంది.

శిరీష_గుంటూరు
అయితే 7¼ దగ్గర ఒకటి పెట్టి, మిగతావి మూడున్నర చొప్పున జరపాలా?

కత్తెర_మాస్టారు
జరిపి చూడు. 7¼ నుంచి పైకి మూడున్నర అంటే 3¾. దాని పైది పావు ఇంచీ దగ్గరికి వస్తుంది, అంటే స్టాండ్ కుట్టుకి అంటుకుపోతుంది. అది పెట్టలేం. తీసేస్తే స్టాండ్ గుండీ తర్వాత మొదటి గుండీ 3¾ దగ్గర. కాలర్ గుండీ విప్పి వేసుకుంటే మెడ మరీ కిందికి తెరుచుకుంటుంది, నీకు ఇష్టం ఉండదు.

అందుకే దూరం తగ్గించి 2¾ పెట్టు. పైకి: 7¼, 4½, 1¾. స్టాండ్ మధ్యలో ఉండే గుండీ, స్టాండ్ కుట్టుకి అర ఇంచీ పైన ఉంటుంది కాబట్టి స్టాండ్ గుండీకీ మొదటిదానికీ మధ్య 2¼. ఆ మొదటి దూరం మిగతా వాటికంటే కొంచెం తక్కువ ఉంటేనే కాలర్ విప్పినప్పుడు అందంగా నిలబడుతుంది. కిందికి: 10, 12¾, 15½, 18¼. నీ నడుము ఎక్కడ?

శిరీష_గుంటూరు
స్టాండ్ కుట్టు నుంచి 13.

కత్తెర_మాస్టారు
చూశావా, 12¾ గుండీ దాదాపు నడుము మీదే పడింది. అదృష్టం. అక్కడ కుదరకపోయినా పర్వాలేదు, బెల్టు బకిల్ కిందకి గుండీ రాకుండా చూసుకుంటే చాలు. ఛాతీ మాత్రం తప్పకూడదు.

లక్ష్మి_డాలస్
చివరిది 18¼ అంటే అంచు నుంచి 7¾ ఖాళీ. కూర్చుంటే తొడల మీద విడిపోదా? నేనైతే 21 దగ్గర ఇంకోటి పెడతాను.

కత్తెర_మాస్టారు
ప్యాంట్‌లోకి దోపుకుంటే అవసరం లేదు. బయటికి వేసుకుంటే, నడుం కింద వెడల్పు బాగా ఉంటే, 21 దగ్గర గుండీ ఉన్నప్పుడు కూర్చుంటే అది లాగుతుంది. నేను వదిలేయమంటాను.

లక్ష్మి_డాలస్
నాకు లాగడం కంటే విడిపోవడమే ఇబ్బంది. ఇది ఎవరి ఒంటికి వాళ్ళు చూసుకోవాల్సిందే.

రవి_సిద్దిపేట
లెక్క దగ్గర ఇంకో మాట. నేను మొదటి గుండీకీ చివరి గుండీకీ మధ్య ఎంతుందో కొలిచి, గుండీల సంఖ్యతో భాగిస్తాను. ఆరు గుండీలైతే ఆరుతో. ఒక్కోసారి చివరిది అనుకున్న చోటికి రాదు, మళ్ళీ తుడిచి గీస్తాను. టేపు సాగిందేమో అనుకుంటాను.

నూలుపోగు
రవి గారూ, ఆరు గుండీల మధ్య ఖాళీలు ఐదే ఉంటాయి. ఐదుతో భాగించాలి. వేళ్ళు చూసుకోండి, ఐదు వేళ్ళకి నాలుగు సందులు.

కత్తెర_మాస్టారు
అదే. మగవాళ్ళ షర్ట్ మీదే చూద్దాం. మొదటిది స్టాండ్ కుట్టుకి 2¾ కింద, చివరిది 20¼ దగ్గర కావాలి. మధ్యలో 17½. ఐదుతో భాగిస్తే సరిగ్గా మూడున్నర. ఆరుతో భాగిస్తే మూడుకి కొంచెం తక్కువ వస్తుంది. అలా గీసుకుంటూ వెళ్తే ఆరో గుండీ 17¼ దాటగానే ఆగిపోతుంది, దాదాపు మూడు ఇంచీలు పైకి. టేపు సాగలేదు నాయనా.

రవి_సిద్దిపేట
ఇన్నాళ్ళు టేపుని తిట్టాను. ధన్యవాదాలు నూలుపోగు గారూ, మాస్టారూ.

బాబిన్77
నాకు లెక్కలంటే భయం. ఎలాస్టిక్ ముక్క తీసుకుని వదులుగా ఉన్నప్పుడు ఇంచీకి ఒక గీత చొప్పున పెన్నుతో పెట్టుకుంటాను. మొదటి గీతని మొదటి గుండీ మీద పట్టి, చివరి గీత చివరి గుండీ మీద పడేదాకా సాగదీస్తే మధ్య గీతలన్నీ సమానంగా సర్దుకుంటాయి. గీతలు ఎన్ని కావాలంటే గుండీలు అన్ని. శిరీష గారి విషయంలో ఒక గీత ఛాతీ మీద పడేలా చివరిదాన్ని కొంచెం అటూ ఇటూ జరిపితే సరి.

శిరీష_గుంటూరు
ఇది చాలా బాగుంది! ఇప్పుడు అసలు బాధ: ఈ షర్ట్‌కి కాజాలు ఆల్రెడీ కోసేశాను. ఏం చేయను?

లక్ష్మి_డాలస్
7¼ దగ్గర లోపలివైపు చిన్న ప్రెస్ బటన్ కుట్టండి. పైపొరకి కుట్టు కనిపించకుండా పట్టీ లోపలి పొరకి మాత్రమే వేయాలి. పది నిమిషాల పని.

నూలుపోగు
పట్టీ విడిగా కోసి అతికించిందా, లేక ముందు భాగాన్నే మడిచిందా? విడిదైతే విప్పి కొత్త పట్టీ వేయొచ్చు. మంగళగిరి గుడ్డ అయితే మిగిలిన ముక్కలో నిలువు పట్టీ దొరుకుతుంది.

శిరీష_గుంటూరు
విడి పట్టీయే! ఆడవాళ్ళ షర్ట్ కదా, కుడివైపు కాజాలు, ఎడమవైపు గుండీలు. కుడి పట్టీ ఒక్కటి మారిస్తే చాలు. గుడ్డ మీటరుకి పైనే మిగిలింది. కొత్త పట్టీ అంటే ఇక బౌండ్ కూడా వేయొచ్చు కదా? అది ముందే వేయాలంటారు కదా?

పట్టుపురుగు
అదే నేను చెప్పబోతున్నాను. పూర్తయిన షర్ట్‌కి బౌండ్ వేయలేం. లోపలి పొర మూయకముందే వేయాలి. ఇప్పుడు మీకు అవకాశం వచ్చింది, వదులుకోకండి.

నేను వేసే పద్ధతి చెప్తాను. కాజా అంత పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేలా గుడ్డ వెనక వైపు పెన్సిల్‌తో దీర్ఘచతురస్రం గీస్తాను. పైవైపున అదే గుడ్డ ముక్క పెట్టి, గీసిన నాలుగు వైపులా చిన్న కుట్టుతో తిప్పి కుడతాను. మధ్యలో కోసి, చివరలకి రెండు మూలలకీ ఏటవాలుగా కోస్తాను. ముక్కని ఆ కిటికీలోంచి వెనక్కి తిప్పి ఇస్త్రీ చేస్తే శుభ్రమైన కిటికీ వస్తుంది. దాని వెనక రెండు పెదవుల్లా మడతలు పెట్టి పక్కల కుడతాను. ప్యాంట్ వెనక డబుల్ బోన్ పాకెట్ చూశారు కదా, అదే, చిన్న సైజులో.

కత్తెర_మాస్టారు
పద్ధతి చక్కగా చెప్పావమ్మా. కాకపోతే ఒక్క చోట తొందరపడ్డావు, ఆ మూలల దగ్గర. బౌండ్ కాజా బాగా రావడం, పాడైపోవడం రెండూ అక్కడే జరుగుతాయి.

ఏటవాలు కోత మూల కుట్టుకి ఒక్క పోగు దూరంలో ఆగాలి. రెండు మూడు పోగులు ముందే ఆగితే తిప్పినప్పుడు మూల ముడుచుకుని గుంట పడుతుంది. పోగు దాటితే మూలలో కన్నం, దానికి మందు లేదు. రా సిల్క్‌లో నీకు అది కుదిరింది. మంగళగిరి సన్న నూలు చేనేత గుడ్డ, ఒక పోగు దూరంలో కోస్తే ఆ పోగే జారిపోతుంది. వెనక సన్నటి ఫ్యూజింగ్ గుడ్డ ఇస్త్రీతో అతికిస్తే కొంత ఆగుతుంది, కానీ ఒక షర్ట్‌కి ఎనిమిది కాజాలు, కాజాకి నాలుగు మూలలు. ముప్పై రెండు మూలలూ తప్పకుండా రావాలి.

పట్టుపురుగు
అది నిజమే, ఒప్పుకుంటాను. నా కోట్లకి మూడు గుండీలే ఉంటాయి. కానీ బలం విషయంలో నా మాట మారదు.

కత్తెర_మాస్టారు
కోటు కాజాని రోజుకి రెండుసార్లు తెరిచి మూస్తారు, ఏడాదికి నాలుగుసార్లు డ్రై క్లీన్‌కి వేస్తారు. షర్ట్‌ని వారం వారం ఉతుకుతారు, పిండుతారు. బౌండ్ పెదవులు మడతలు కాబట్టి రాపిడి ఆ మడత అంచు మీదే పడుతుంది. సన్న నూలు గుడ్డ మడత అక్కడే అరిగి చీలుతుంది. మిషన్ కాజాలో రాపిడి దారం మీద పడుతుంది. దారం అరిగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. అందుకే కోటుకి బౌండ్ బలం, షర్ట్‌కి మిషన్ కాజా బలం. గుడ్డని బట్టి, వాడకాన్ని బట్టి మాట్లాడాలి.

లక్ష్మి_డాలస్
నేను లినెన్‌కి వేసి ఉబ్బెత్తు అయిందన్నాను కదా, దానికి కారణం కూడా అదే. షర్ట్ పట్టీకి ఇంచీంబావు వెడల్పులో పైపొర, లోపలి పొర, మడిచిన అంచులు, ఫ్యూజింగ్ ఉంటాయి. బౌండ్ వేస్తే మడత పెదవులు, వెనక్కి తిప్పిన ముక్క అదనం. ఇస్త్రీ పెట్టె ఆ అంచుల మీద మెరుపు గీత వేస్తుంది.

శిరీష_గుంటూరు
సరే, మిషన్ కాజానే. అయితే మొదటిసారి పోగులు ఎందుకు వచ్చాయి? పట్టీలో ఫ్యూజింగ్ వేయలేదు, చేనేత గుడ్డ గట్టిగా అయిపోతుందని.

నూలుపోగు
అది ఒక కారణం. నేను చేనేత మాత్రమే వేసుకుంటాను. ఫ్యూజింగ్ అంటే నాకూ అయిష్టమే, గుడ్డ ప్రాణం పోతుంది. అందుకే పట్టీ పొడవునా వేయను. కాజా వచ్చే చోట మాత్రం అదే మంగళగిరి గుడ్డ ముక్క ఒక పొర లోపల పెడతాను. గట్టిదనం లేకుండా కుట్టుకి పట్టు దొరుకుతుంది.

కత్తెర_మాస్టారు
అది కూడా పద్ధతే. నేను పల్చటి నేత ఫ్యూజింగ్ వాడతాను, పేపరు ఫ్యూజింగ్ వాడను. ఇద్దరి షర్ట్‌లూ నిలుస్తాయి.

శిరీషమ్మా, పోగులు వచ్చిన కాజాని లైటు వెలుతురులో పట్టుకుని చూడు. రెండు విషయాలు చూడాలి. ఒకటి, జిగ్‌జాగ్ కుట్ల మధ్య గుడ్డ కనిపిస్తోందా? కనిపిస్తే కుట్టు పలచగా పడింది. రెండు, రెండు వరసల మధ్య కోత సందు ఎంత ఉంది?

శిరీష_గుంటూరు
కుట్ల మధ్య గుడ్డ కనిపిస్తోంది. సందు ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువే, ఒకదాంట్లో రెండు దాకా ఉంది. ఫొటో తీసి పెద్దది చేసి చూశాను: ఆ సందులో కోసిన పోగులు రెండు వైపులా గడ్డంలా నిలబడి ఉన్నాయి.

కత్తెర_మాస్టారు
ఆ గడ్డమే నీ సమస్య. సందు అర మిల్లీమీటరు ఉండాలి, కత్తి పట్టేంత. ఎక్కువైతే కోశాక దారం కింద లేని పోగులు మిగిలిపోతాయి, ఉతికితే బయటికి వస్తాయి. మరీ తక్కువైతే కత్తి దారాన్నే కోస్తుంది.

కుట్టు దగ్గరగా పడేలా పొడవు తగ్గించు. పట్టీలాగే మూడు పొరలు పెట్టిన ముక్క మీద ముందు నాలుగైదు వేసి చూడు. పై దారం టెన్షన్ కొంచెం తగ్గిస్తే ముడి కిందికి వెళ్ళి పైన నున్నగా వస్తుంది. చేనేతకి అదే కాజా మీద రెండోసారి తిప్పు, కోయకముందే. రెండు పొరల కుట్టు పడితే పోగులు కదలవు.

లక్ష్మి_డాలస్
కోసేటప్పుడు రెండు చివరలా గుండుసూదులు అడ్డంగా గుచ్చండి. సీమ్ రిప్పర్ జారినా సూది దగ్గర ఆగిపోతుంది, చివరి కుట్టు తెగదు. మీకు తెగింది అదే. నేను మధ్యలోంచి ఒక చివరికి, మళ్ళీ మధ్యలోంచి ఇంకో చివరికి కోస్తాను. ఒకే దెబ్బలో మొదలు నుంచి చివరిదాకా లాగను.

మంగ_అత్తిలి
మా దగ్గర కాజా సెంటర్‌లో మిషన్ కుట్టి, తనే కత్తి దించి కోసేస్తుంది. నిమిషంలో షర్ట్ అయిపోతుంది. ఇంత టెన్షన్ ఎందుకమ్మా? పట్టీ మార్చి అక్కడ ఇచ్చేయండి.

శిరీష_గుంటూరు
ఇవ్వొచ్చు మంగ గారూ. ఒకసారి ఒక సెంటర్‌లో ఇస్తే నా గీతలు పట్టించుకోకుండా వాళ్ళ అలవాటు దూరంలో వేసేశారు. ఇప్పుడు 7¼ తప్పితే మళ్ళీ మొదటికే.

మంగ_అత్తిలి
అది నిజమే. నేను పక్కన నిలబడి వేయిస్తాను.

రవి_సిద్దిపేట
కాజా పొడవు ఎంత పెట్టాలి? నేను గుండీ పెట్టి కంటితో అంచనా వేస్తాను.

కత్తెర_మాస్టారు
గుండీ వెడల్పు, దాని మందం కలిపితే కాజా పొడవు. మామూలు 18 సైజు షర్ట్ గుండీ పదకొండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. మందం రెండున్నర అయితే పద్నాలుగు. అదే వెడల్పులో నాలుగు మిల్లీమీటర్ల కొబ్బరి చిప్ప గుండీ అయితే పదిహేనున్నర. గుండీ మారిస్తే కాజా మారాలి. గుండ్రటి పూస గుండీ అయితే చుట్టూ కాగితం పట్టీ తిప్పి, వచ్చిన పొడవులో సగం.

శిరీష_గుంటూరు
గుండీని కాజాకి మధ్యలో కుట్టాలా, పైభాగంలోనా? మధ్యలో కుట్టాను, అంచు దగ్గర రెండు వైపులూ సమానంగా లేవు. కాజా వైపు కిందికి జారింది.

కత్తెర_మాస్టారు
కాజా నిలువుగా ఉంటే, కాజా ఉన్న ముందు భాగం తన బరువుతో కిందికి దిగుతుంది. గుండీ కాజా పై అంచుకి తగిలేదాకా దిగి ఆగుతుంది. మధ్యలో కుట్టావు కాబట్టి సగం కాజా, అంటే ఏడు మిల్లీమీటర్ల దాకా దిగింది. అందుకే అంచులు కలవలేదు. కాజా పై చివర నుంచి మూడు మిల్లీమీటర్ల కింద గుండీ కుట్టు.

రెండు ముందు భాగాలూ ఒకదాని మీద ఒకటి పరిచి, పై నుంచీ కింద నుంచీ అంచులు కలిపి పిన్నులు పెట్టు. కాజాలోంచి ఆ మూడు మిల్లీమీటర్ల చోట గుండుసూది గుచ్చి కింద ఉన్న భాగం మీద గుర్తు పెట్టు. గుండీల వైపు టేపుతో విడిగా కొలవకు. కాజాలు కొలిచేటప్పుడు మాత్రం పై చివర నుంచి పై చివరకి కొలువు. ఒకదాని కింది చివర నుంచి తర్వాతదాని పై చివరకి కొలిస్తే కాజా పొడవు ప్రతిసారీ కలిసిపోయి దూరం పెరిగిపోతుంది.

బాబిన్77
నేను మధ్యలోనే కుడతాను, ఎప్పుడూ ఇబ్బంది లేదు. గుండీకి అటూ ఇటూ కదిలే చోటు ఉంటే పట్టీ లాగదు కదా.

కత్తెర_మాస్టారు
నీ గుడ్డ గట్టిదై ఉంటుంది, కాజా బిగుతుగా ఉంటుంది. మెత్తటి చేనేతకి జారుతుంది.

నూలుపోగు
స్టాండ్ మీద కాజా అడ్డంగా ఎందుకు వేస్తారో కూడా చెప్పండి మాస్టారూ, చాలామంది అన్నీ నిలువుగా వేసేస్తారు.

కత్తెర_మాస్టారు
ఊపిరి పీల్చినప్పుడు, మింగినప్పుడు మెడ దగ్గర లాగుడు అడ్డంగా వస్తుంది. అడ్డం కాజాలో గుండీ చివర దాకా వెళ్ళి ఆగుతుంది, ఊడదు. అందుకే ఆ కాజా మధ్య గీత దాటి అంచు వైపు మూడు మిల్లీమీటర్లు బయటికి మొదలవ్వాలి. పట్టీ ఇంచీంబావే కాబట్టి మిగతావి నిలువుగా వేస్తాం.

లక్ష్మి_డాలస్
స్టాండ్ దగ్గర ఇంటి మిషన్‌తో ఇబ్బంది: పక్కన కాలర్ కుట్టు మందంగా ఉండి కాజా ఫుట్ ఒక వైపుకి ఒరుగుతుంది, కుట్లు ఒకే చోట కుప్పపడతాయి. ఫుట్ వెనక అదే మందం గుడ్డ మడిచి పెడితే సమంగా కూర్చుంటుంది. నాకు ఇది తెలిసేలోపు రెండు కాలర్లు పాడయ్యాయి.

రవి_సిద్దిపేట
చివరి కాజా కూడా అడ్డంగా వేసిన రెడీమేడ్ షర్ట్ ఒకటి చూశాను. అది కూడా అందుకేనా?

పట్టుపురుగు
అది అలంకారం. బ్రాండ్ గుర్తు లాంటిది.

కత్తెర_మాస్టారు
పూర్తిగా అలంకారం కాదు. కూర్చున్నప్పుడు కింది గుండీ దగ్గర లాగుడు అడ్డంగా వస్తుంది, గుండీ పైకి కిందికి జారకుండా ఆగుతుంది. కొందరు కటింగ్ మాస్టర్లు అవసరం అంటారు, నేనైతే వేయను.

శిరీష_గుంటూరు
అందరికీ అప్‌డేట్. ఆదివారం కుడి పట్టీ విప్పి కొత్తది వేశాను. లోపల నూలుపోగు గారి పద్ధతిలో గుడ్డ ముక్కలు, కాలర్ వైపు మాత్రం పల్చటి ఫ్యూజింగ్. మూడు పొరల ముక్క మీద ఆరు కాజాలు ప్రయత్నిస్తే ఐదోది కుదిరింది. 1¾, 4½, 7¼, 10, 12¾, 15½, 18¼. రెండుసార్లు తిప్పి కుట్టి, చివరల్లో పిన్నులు పెట్టి కోశాను. గుండీలు కాజా పై చివర నుంచి మూడు మిల్లీమీటర్ల దగ్గర.

పాత గుండీల సూది గుర్తులు తడి గుడ్డతో రుద్ది ఇస్త్రీ చేస్తే కనపడకుండా పోయాయి. ఒక ఉతుకు అయింది, ఒక్క పోగు రాలేదు. వేసుకుని కూర్చున్నాను, వంగాను, చేతులు పైకెత్తాను. ఛాతీ దగ్గర పట్టీ కదల్లేదు. కింద 18¼ తర్వాత మాత్రం కూర్చుంటే కొంచెం విడిపోతోంది లక్ష్మి గారూ, మీరు చెప్పినట్టే.

లక్ష్మి_డాలస్
21 దగ్గర వేయండి. ఆ ఒక్కటీ అడ్డంగా వేసి చూడండి.

కత్తెర_మాస్టారు
వేయకముందు అక్కడ పిన్నీసు పెట్టుకుని అరగంట కూర్చో అమ్మా. లాగితే వద్దు, లాగకపోతే లక్ష్మి మాట విను. కాజా కోశాక వెనక్కి రాదు.

శిరీష_గుంటూరు
పిన్నీసు పెట్టుకుని కూర్చున్నాను. రాత్రికి చెప్తాను.